గుట్ట దిగేటప్పుడు పాదం ఎక్కడ పడాలి, ఎక్కేటప్పుడు పోల్స్ ఎలా వాడాలి

"అన్నా, నాది నల్గొండ. నాలుగేళ్లుగా రోడ్డు మీద హాఫ్ మారథాన్‌లు చేస్తున్నా. జనవరి చివర్లో సహ్యాద్రి కొండల్లో 32 కిలోమీటర్ల ట్రెయిల్ రేసుకు, అంటే కొండబాట పరుగుకు పేరిచ్చా, మొత్తం ఎక్కుడు 1,500 మీటర్లు. ఇక్కడి గుట్టల మీద ప్రాక్టీస్ మొదలుపెట్టా. ఎక్కడం పర్వాలేదు గానీ దిగేటప్పుడు రెండుసార్లు జారిపడ్డా, మర్నాడు తొడలు పట్టేసి ఇంట్లో మెట్లు దిగలేకపోయా. చేతుల్లో పట్టుకుని ఎక్కే మడత కర్రలు, అవే పోల్స్, కూడా కొన్నా, కాళ్లకు అడ్డం పడటం తప్ప లాభమేం కనబడట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?"

తమ్ముడూ, జారడం, తొడలు పట్టేయడం రెండు వేరువేరు జబ్బులు అనుకుంటున్నావు. చాలామటుకు మూలం ఒకటే. నీ పాదం నీ ఒంటికి బాగా ముందు పడుతోంది. చూడకుండానే ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నానంటే, రోడ్డు నుంచి గుట్టకు వచ్చిన ప్రతివాళ్లూ మొదట ఇదే చేస్తారు. నేనూ చేశాను.

వాలు చూడగానే భయంతో నడుము వెనక్కి పోతుంది. నడుము వెనక్కి పోతే కాలు ముందుకు చాస్తాం. చాచిన కాలికి మోకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, మడమ ముందు తగులుతుంది. అలా పడిన ప్రతి అడుగూ ఒక బ్రేకు. ఆ బ్రేకు బలం నేలను కిందికి తొక్కే బదులు ముందుకు తోస్తుంది. నేల గట్టి మట్టయితే ఓర్చుకుంటుంది. మన గుట్టల మీద గరుసు, అంటే సన్నటి రాతి పలుకులు ఉంటాయి కదా, అది పాదంతో పాటే కదిలిపోతుంది. నువ్వు కూర్చుండిపోతావు.

తొడల సంగతీ అక్కడిదే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపాలి. సాగుతూ ఆపడం కండరానికి చాలా కష్టమైన పని, లోపల పోగులు సన్నగా దెబ్బతింటాయి. అందుకే నొప్పి ఆ రోజు రాదు, మర్నాడో ఎల్లుండో వస్తుంది. అడుగు ఎంత పొడుగైతే ఒక్కో అడుగులో ఆపాల్సిన బరువు అంత ఎక్కువ.

నువ్వు ఇదే చేస్తున్నావో లేదో తేల్చుకోవడం తేలిక. గరుసు ఉన్నచోట పది అడుగులు దిగి, ఆగి, వెనక్కి తిరిగి నీ అడుగుజాడలు చూడు. మడమ దగ్గర జానెడు గీత పడిందంటే బ్రేకు వేశావన్నమాట. సరిగ్గా పడిన పాదం అచ్చు వేసినట్టు ఉంటుంది, గీత ఉండదు. చెవితో కూడా తెలుస్తుంది. ధబ్ ధబ్ అని వినబడితే తప్పు, టప టప అని చిన్నగా, వేగంగా వినబడాలి. (ఇందుకే గుట్టల మీద ఇయర్‌ఫోన్లు వద్దంటాను. పాలమూరు వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, అది ఇంకో కారణం.)

మందు ఏమిటంటే, అడుగు చిన్నది చెయ్యి, సంఖ్య పెంచు. పాదం నీ తుంటి కిందే పడాలి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టు. 45 కు తక్కువ వస్తే ఇంకా పొడుగు అడుగులే వేస్తున్నావని అనుకో. వాలు పెరిగేకొద్దీ అడుగు ఇంకా చిన్నదవ్వాలి గానీ లెక్క తగ్గకూడదు. వేగం తగ్గించాలంటే వెనక్కి వాలి బ్రేకు వేయకు, అడుగు ఇంకా కుదించు.

"ముందుకు వాలు" అని అందరూ చెప్తారు, అది విని చాలామంది నడుము దగ్గర వంగుతారు. అలా వంగితే తల ముందుకు, పిరుదులు వెనక్కి పోతాయి, సమస్య ఉన్నచోటే ఉంటుంది. వాలాల్సింది చీలమండ దగ్గర, అదీ కొంచెమే. బెల్టు బకిల్ బూటు లేసుల మీదికి వచ్చిందా లేదా అన్నది చూసుకో, చాలు. మోకాళ్లు ఎప్పుడూ కొద్దిగా వంగి ఉండాలి. చేతులు రోడ్డు మీద ఉన్నట్టు పక్కటెముకలకు ఆనించుకోకుండా పక్కలకు వదిలేయి, తూలినప్పుడు అవే నిలబెడతాయి. ఇదంతా వీడియోల్లో చూడాల్సిన పని లేదు. మేకల వెనక గుట్ట దిగే కాపరిని పది నిమిషాలు గమనించు. చెప్పులతోనే దిగుతాడు, మోకాలు ఎప్పుడూ నిటారు కాదు, పాదం ఎప్పుడూ ఒంటికి ముందు పోదు. నాకు ఈ విద్య సగం దేవరకొండ వైపు ఒక కాపరి వెనక నడిచే అబ్బింది. ఆయనకు తాను నేర్పుతున్నానని తెలియదు!

ఇక పాదం దేని మీద వేయాలన్న సంగతి. మనది గ్రానైటు నేల. బయటి శిక్షణ వీడియోలు ఎక్కువగా మట్టిబాటల మీద తీసినవి, వాటిలో చెప్పింది ఇక్కడ సగమే పనికొస్తుంది.

పొడి పరుపు బండను అనవసరంగా భయపడతారు. నిజానికి అది మనకు దొరికే అన్నిటికన్నా నమ్మకమైన నేల. గ్రానైటు గరుకుగా ఉంటుంది, రబ్బరు బాగా పట్టుకుంటుంది. షరతు ఒక్కటే, అరికాలు మొత్తం ఆనాలి. బూటు అంచుతోనో మడమతోనో తొక్కితే తగిలే రబ్బరు తగ్గిపోతుంది. అదే కారణంగా మట్టి కోసం చేసిన లోతైన పళ్ల బూట్లు బండ మీద తేలినట్టు ఉంటాయి. మన గుట్టలకు మూడు నాలుగు మిల్లీమీటర్ల పళ్లు చాలు.

ప్రమాదం బండది కాదు, బండ మీద రాలిన గరుసుది. రాయి అరిగి రాలిన ఆ పలుకులు, గచ్చు మీద జొన్నలు పోసినట్టే. పైనుంచి చూస్తే బండ రంగులోనే కలిసిపోతాయి. అందుకని బండ మీద పల్లంగా ఉన్నచోట్లను, వాననీళ్లు వచ్చి ఆగేచోట్లను అనుమానించు, గరుసు చేరేది అక్కడే. ఉబ్బుగా ఉన్న భాగం మీద అడుగు వేయి, గాలీ నీరూ దాన్ని ఊడ్చేసి ఉంటాయి. తప్పనిసరిగా గరుసు మీదే పోవాల్సి వస్తే ఆ రెండు మూడు అడుగులు బ్రేకు అన్నమాట మరిచిపో. తేలిగ్గా, వేగంగా దాటెయ్యి, ఆగడం అవతల గట్టినేల మీద చూసుకో. ఇంకో మాట, బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనబడతాయి. అవి వాననీరు పారిన దారులు, పాచి ఎండి నల్లబడింది. ఎండలో ఏమీ చేయవు. డిసెంబరు పొద్దున మంచు పడినప్పుడు మాత్రం సబ్బు పూసినట్టు ఉంటాయి.

రాళ్లబాటలో ఏ రాయి కదులుతుంది, ఏది కదలదు అన్నది అడుగు వేయకముందే తెలుసుకోవచ్చు. పాతుకుపోయిన రాయి చుట్టూ మట్టి అంటుకుని ఉంటుంది. ఊరికే పడి ఉన్న రాయికి అంచు కింద సన్నటి నీడ ఉంటుంది. నీడ ఉన్న రాయిని వదిలెయ్యి. రెండు రాళ్ల సందులో పాదం పెట్టే కన్నా పాతుకున్న రాయి నెత్తిన పెట్టడం మేలు. చీలమండలు ఎక్కువగా మెలికపడేది సందుల్లోనే.

ఇదంతా చూడాలంటే కళ్లు పాదాల దగ్గర ఉండకూడదు. మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. ఇప్పుడు వేస్తున్న అడుగును నువ్వు చూసింది రెండు సెకన్ల కిందట, దాన్ని మెదడు గుర్తుపెట్టుకుంటుంది, నమ్ము. పాదం వైపు చూస్తూ దిగితే ప్రతి రాయీ హఠాత్తుగా వచ్చినట్టే అనిపిస్తుంది, అప్పుడు బెదిరి మళ్లీ మడమ చాస్తావు.

మరీ నిట్రంగా ఉన్నచోట, అంటే నాలుగడుగుల దూరానికి అడుగు కన్నా ఎక్కువ దిగుతున్నచోట, నేరుగా దిగకు. బాట వెడల్పు ఉంటే అటూ ఇటూ పాములా దిగు. లేకపోతే నడువు. 32 కిలోమీటర్ల రేసులో అలాంటి ముక్కలు నడిచి దిగితే పోయేది రెండు మూడు నిమిషాలు.

నిరుడు మహబూబ్‌నగర్ నుంచి ఒక టీచరుగారు నాతో ప్రాక్టీస్‌కు వచ్చేవారు. ఆయన కథ నీ కథే. మేం వాడే గుట్ట ఎత్తు 120 మీటర్లు, బాట 700 మీటర్లు, అంటే సగటున 17 శాతం వాలు. మొదటి రోజు ఆయన దిగడానికి 6 నిమిషాల 40 సెకన్లు పట్టింది. 30 సెకన్లలో కుడికాలు 37 సార్లు పడింది. పక్కనుంచి వీడియో తీస్తే పాదం మోకాలికి జానెడు ముందు పడుతోంది. అడుగు కుదించమన్నాను. మొదటి రెండు వారాలు టైమ్ ఇంకా పెరిగింది, ఏడు నిమిషాలు దాటింది. ఆయనకు టెన్షన్, నాకు లేదు. ఎందుకంటే గరుసు మీద గీతలు తగ్గాయి, మర్నాటి నొప్పి తగ్గింది. నాలుగో వారానికి లెక్క 46 కు వచ్చింది, టైమ్ 5 నిమిషాల 30 కి దిగింది. వేగం కోసం ఆయన ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. బ్రేకు వేయడం మానేశారు.

ఆయనతో మొదటి వారం రెండే రెండుసార్లు దిగించాను, అదీ నింపాదిగా. దానికి కారణం ఉంది. దిగుడు దెబ్బ ఒకసారి తిన్న కండరం కోలుకున్నాక, అదే పని మళ్లీ చేస్తే నొప్పి చాలా తక్కువ వస్తుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అంటే చిన్న మోతాదుతో మొదలుపెట్టినా లాభం వస్తుంది. నువ్వేమో మొదటి రోజే ఆరేడుసార్లు ఎక్కి దిగి ఉంటావు. వారానికి ఒక్క రోజే దిగుడు కోసం పెట్టుకో. మొదటి వారం రెండు, తర్వాత మూడు, నాలుగు, అలా ఆరు దాకా. తొడ నొక్కితే ఇంకా నొప్పి ఉన్న రోజు దిగుడు వద్దు, చదును మీద పరిగెత్తు. రేసుకు ముందు చివరి గట్టి దిగుడు పది పన్నెండు రోజుల ముందే అయిపోవాలి.

బూటు లేసుల గురించి ఒక మాట. దిగేటప్పుడు పాదం ముందుకు జరిగి బొటనవేలు గోరు నల్లబడుతోందంటే బూటు చిన్నదని వెంటనే కొత్తది కొనకు. బూటు పైభాగంలో ఎవరూ వాడని ఆఖరి కన్నం ఒకటి ఉంటుంది. లేసును అదే వైపు దానిలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, రెండోవైపు లేసును ఆ ఉచ్చులోంచి తీసి బిగించు. మడమ కదలదు. గోళ్లు రెండు రోజుల ముందే తీసుకో.

ఇక పోల్స్. నీకు లాభం కనబడకపోవడంలో వింత లేదు. నువ్వు వాటిని కొద్ది నిమిషాల్లో ఎక్కే చిన్న గుట్ట మీద వాడి చూసి ఉంటావు. పోల్స్ మొత్తం శ్రమను పెద్దగా తగ్గించవు. కాళ్ల పనిలో కొంత చేతులకు, భుజాలకు పంచుతాయి, అంతే. గుండె వేగం అలాగే ఉండొచ్చు, కొంచెం పెరగనూ వచ్చు. లాభం కనబడేది అరగంటకు మించి సాగే నిట్రమైన ఎక్కుడులో, అదీ పైకి చేరాక దిగేటప్పుడు, తొడల్లో ఇంకా సత్తువ మిగిలి ఉండటంలో. నల్లమలలో సలేశ్వరం జాతరకు పోయేవాళ్ల చేతుల్లో కర్రలు చూసే ఉంటావు. లోయలోకి దిగి తిరిగి ఎక్కేటప్పుడు ఆ కర్ర చేసే పని, నీ పోల్స్ చేసే పని ఒకటే. (నల్లమల లోపల మాత్రం ప్రాక్టీస్ పెట్టుకోకు. అది పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు.)

పొడవు ముందు చూసుకో. చదును మీద నిలబడి మొనను పాదం పక్కన ఆనిస్తే మోచేయి దాదాపు సమకోణంలో ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి 115 సరిపోతుంది. నీవి పొడవు మారని రకమైతే, రెండు సైజుల మధ్య సందేహం వస్తే ఎక్కుడు కోసం చిన్నదే తీసుకో. పొడుగ్గా ఉంటే ప్రతిసారీ మోచేయి ఛాతీ మీదికి లేస్తుంది, గంట తిరక్కుండా మెడ పట్టేస్తుంది.

పట్టీలో చేయి పైనుంచి దూర్చకూడదు. కింది నుంచి పైకి తెచ్చి, పట్టీని పిడితో కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు పట్టీ మీద పడుతుంది, వేళ్లు వదులుగా ఉంటాయి. పిడిని గట్టిగా పిసికేవాళ్లకు అరగంటలో ముంజేతులు బిగుస్తాయి. కొన్ని పోల్స్‌కు గ్లవ్ లాంటి పట్టీ వస్తుంది, వాటికి ఈ గొడవ లేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు మొనను పాదానికి ముందు పొడవడం. మొన ముందుంటే పోల్ నిటారుగా నిలుస్తుంది, దాన్ని దాటడానికి నువ్వే నిన్ను లాక్కోవాలి. నీకు కాళ్లకు అడ్డం పడుతున్నవి ఇలాగే అని నా అనుమానం. ముందు వేసిన కాలి మడమ పక్కన, కొద్దిగా బయటికి మొన పడాలి. పిడి ముందుకు, మొన వెనక్కి ఉండేలా పోల్ ఏటవాలుగా ఉండాలి. అక్కడి నుంచి చేయి తుంటి దాటేదాకా వెనక్కి, కిందికి తోయాలి. సగంలో ఎత్తేస్తే కర్రను మోసుకుపోయిన పుణ్యమే మిగులుతుంది.

మామూలు ఎక్కుడులో ఎడమకాలికి కుడిచేయి, కుడికాలికి ఎడమచేయి, నడకలో లాగే. వాలు పెరిగి అడుగు భారమైనప్పుడు రెండు పోల్స్ ఒకేసారి పొడిచి, వాటి మీద రెండు అడుగులు వెయ్యి. ఎత్తు మెట్లయితే ఒక పోటుకు ఒకే మెట్టు. దేని నుంచి దేనికి మారాలన్నది ఊపిరే చెప్తుంది, లయ తప్పుతోందంటే మార్చు. 15 శాతానికి లోపు వాలులో, పరిగెత్తగలిగే చోట, వాటిని మడిచి పెట్టుకోవడమే నయం.

మన బండల మీద ఇంకో చిక్కు ఉంది. పోల్ మొనకు ఉండే గట్టి లోహం మట్టిలో బాగా దిగుతుంది గానీ గ్రానైటు మీద కీచుమని జారుతుంది. ఇక్కడ ప్రాక్టీస్‌కు రబ్బరు తొడుగులు వేసుకో. సహ్యాద్రిలో మట్టి వచ్చినచోట తీసెయ్యాలి. రాళ్ల సందులో మొన ఇరుక్కుంటే లాగకు, పక్కకు వంచితే కార్బన్ గొట్టం విరిగేది అక్కడే. ఆగి, వచ్చిన దారినే నిటారుగా పైకి తీయి.

ఎక్కుడు అయిపోగానే పట్టీల్లోంచి చేతులు తీసెయ్యి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మూడేళ్ల కిందట ఒక రేసులో పైకి చేరిన ఉత్సాహంలో పట్టీలు అలాగే ఉంచుకుని దిగాను. జారి పడ్డప్పుడు అరచేయి నేల మీద ఆనింది, మధ్యలో పోల్ పిడి. బొటనవేలు వెనక్కి విరుచుకుని దాని మొదట్లో లిగమెంటు తెగింది. ఆరు వారాలు కట్టుతో తిరిగాను, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాను. పట్టీలు లేకపోతే పోల్ ఎగిరిపోయేది, చేయి మిగిలేది.

పరిగెత్తగలిగే దిగుడులో పోల్స్ మడిచి నడుము బెల్టులో పెట్టు. చేతుల్లో ఉంచుకోవాల్సి వస్తే రెండూ ఒకే చేతిలో, మధ్యలో పట్టుకుని, మొనలు ముందువైపు నేలను చూసేలా ఉంచు. వెనక వచ్చేవాడి కడుపులో పొడవకూడదు కదా. తొడలు పూర్తిగా చచ్చిపోయి నడిచి దిగుతున్నప్పుడు మాత్రం వాటిని ముందు ఆనించి బరువు పంచుకోవచ్చు. అప్పుడు కూడా పట్టీలు లేకుండానే.

నీకు మిగిలిన వారాల్లో పోల్స్‌కు ఒక పొద్దు చాలు, వారానికి. గంటకు 600 మీటర్ల ఎత్తు ఎక్కే నడక నీకు సరిపోయే వేగం అనుకుంటే, 120 మీటర్ల గుట్టకు 12 నిమిషాలు. ఐదుసార్లు ఎక్కితే ఒక గంట ఎక్కుడు, 600 మీటర్లు, సహ్యాద్రిలో ఒక పెద్ద కొండంత. చిక్కేమిటంటే ఐదుసార్లు ఎక్కితే ఐదుసార్లు దిగాలి. అందుకని అవి ఆ వారం దిగుళ్ల లెక్కలోకే వస్తాయి, ఐదు దిగుళ్ల వారం వచ్చేదాకా తక్కువసార్లే ఎక్కు. మెట్ల మీద రెండు పోల్స్ కలిపి పొడిచే పద్ధతి అలవాటు కావాలంటే మీ ఊళ్లోనే లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది, జనం తక్కువగా ఉండే వేళ చూసుకుని వెళ్లు. భువనగిరి కోట బండ కూడా మంచిదే, 500 అడుగులకు పైగా లేస్తుంది. 2014 లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్‌లకు మొదటి శిక్షణ ఆ బండ మీదే.

రేసు రూల్స్‌లో పోల్స్ గురించి ఏముందో ఇప్పుడే చదువు. కొన్ని రేసుల్లో పోల్స్‌తో బయలుదేరితే చివరిదాకా నువ్వే మోయాలి, మధ్యలో ఎవరికీ ఇవ్వనివ్వరు. కొన్నిచోట్ల అసలు అనుమతించరు. అలాగే రబ్బరు తొడుగులు ఒక జత అదనంగా బ్యాగులో వేసుకో, బురదలో ఊడిపోతే దొరకవు.